బర్న్‌అవుట్: ఇది అలసటా, డిప్రెషనా, లేక మరొకటా?

డ్యూటీ నుంచి వచ్చి బ్యాగు పక్కన పడేసి "ఇక నావల్ల కాదు, బర్న్‌అవుట్ అయిపోయాను" అనడం ఇప్పుడు మామూలు మాట అయిపోయింది. రెండు రోజులు నిద్ర లేనివాళ్లూ అదే అంటున్నారు, రెండేళ్లుగా ఆఫీసు పేరెత్తితే కడుపు బిగుసుకునేవాళ్లూ అదే అంటున్నారు. ఇంట్లోవాళ్లు మాత్రం దీనికి వేరే పేర్లు పెడతారు. ఒకరు బద్ధకం అంటారు, ఒకరు నజర్ తగిలింది అంటారు, ఇంకొకరు "పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అంటారు.

పేరు తప్పు పెడితే మందు కూడా తప్పుతుంది. మామూలు అలసటను బర్న్‌అవుట్ అనుకుంటే మంచి ఉద్యోగం వదిలేసే ప్రమాదం ఉంది. డిప్రెషన్‌ను బర్న్‌అవుట్ అనుకుంటే అసలు చికిత్సే ఆగిపోతుంది. నిజమైన బర్న్‌అవుట్‌ను బద్ధకం అనుకుంటే మనిషి ఇంకా కూరుకుపోతాడు. అందుకే బర్న్‌అవుట్ అంటే ఏమిటి, అందులో ఏమేం ఉంటాయి, మిగతా రెండింటి నుంచి దాన్ని ఎలా వేరు చేయాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

1970లలో న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్ట్ ఉండేవారు. పగలు సొంత క్లినిక్ నడిపి, సాయంత్రం మత్తుకు అలవాటు పడినవారికి ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లో పనిచేసేవారు. అక్కడ సేవ చేయడానికి ఎంతో ఉత్సాహంగా వచ్చిన వాలంటీర్లు కొన్నాళ్లకు మారిపోవడం ఆయన గమనించారు. జలుబు పట్టుకుంటే వదిలేది కాదు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, చిన్న మాటకే కోపం. ఎక్కువ గంటలు క్లినిక్‌లోనే ఉండేవారు కానీ అయ్యే పని మాత్రం తగ్గిపోయేది. దీన్ని ఆయన 1974లో ఒక వ్యాసంలో "స్టాఫ్ బర్న్‌అవుట్" అనే పేరుతో రాశారు. పని మీద శ్రద్ధ లేనివాళ్ల కంటే, మనసు పెట్టి పనిచేసేవాళ్లే దీనికి ఎక్కువగా గురవుతారని కూడా ఆయన అన్నారు. బద్ధకం అనే ఆరోపణకు జవాబు ఆ మొదటి వ్యాసంలోనే ఉంది.

తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో పనిచేసిన క్రిస్టినా మాస్లాక్ ఈ విషయాన్ని కొలిచే పద్ధతి తయారు చేశారు. ఆమె, సుసాన్ జాక్సన్ కలిసి 1981లో ప్రచురించిన ప్రశ్నావళిలో 22 ప్రశ్నలు ఉన్నాయి. "మీకు ఇలా ఎంత తరచుగా అనిపిస్తుంది" అని అడిగి, ఎప్పుడూ లేదు నుంచి ప్రతిరోజూ వరకు 0 నుంచి 6 దాకా మార్కులు వేస్తారు. దాదాపు ఈ రంగంలో జరిగిన పరిశోధనంతా ఈ ప్రశ్నావళి చుట్టూనే తిరిగింది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ సవరణలో బర్న్‌అవుట్‌కు నిర్వచనం ఇచ్చింది. అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆ నిర్వచనంలో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, పనిచేసే చోట చాలాకాలంగా సాగుతున్న, సరిగా అదుపు చేయని ఒత్తిడి వల్ల వచ్చేదే బర్న్‌అవుట్. జీవితంలోని మిగతా కష్టాలకు ఆ మాట వాడకూడదని సంస్థ స్పష్టంగా చెప్పింది. రెండు, దాన్ని జబ్బుగా కాకుండా ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా నమోదు చేసింది. అంటే మూలం మనిషి లోపల కంటే పని జరిగే తీరులో ఎక్కువగా వెతకాలన్నమాట.

మూడు ముఖాలు

చాలామంది బర్న్‌అవుట్ అంటే "బాగా అలసిపోవడం" అనుకుంటారు. మాస్లాక్ పరిశోధనలోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలోనూ దానికి మూడు ముఖాలు ఉన్నాయి. మూడింటినీ విడివిడిగా చూడాలి.

మొదటిది శక్తి ఇంకిపోవడం. ఇది ఒంటి నొప్పి కాదు. రాత్రి ఏడెనిమిది గంటలు పడుకుని లేచినా, పొద్దున ఆఫీసు గుర్తుకు రాగానే ఒంట్లో బలం లేనట్టు అనిపిస్తుంది. ఇంకొకరి సమస్య వినే ఓపిక ఉండదు. బ్యాటరీ పాతబడిన ఫోన్ లాగా, రాత్రంతా చార్జింగ్ పెట్టినా మధ్యాహ్నానికి ఖాళీ.

రెండోది మనసు విరిగిపోవడం, పని నుంచి, పనిలో ఎదురయ్యే మనుషుల నుంచి దూరం జరగడం. నర్సుకు రోగి "మూడో బెడ్డు" అయిపోతాడు. కాల్ సెంటర్ అమ్మాయికి కస్టమర్ ఒక టికెట్ నంబర్ అయిపోతాడు. టీచర్‌కు పిల్లలు "ఈ బ్యాచ్" అయిపోతారు. "ఎంత చేసినా ఇంతే, ఎవడికి కావాలి" అనే మాట నోట్లో ఊతపదం అవుతుంది. ఇది చూసేవాళ్లకు పొగరుగా కనిపిస్తుంది. నిజానికి ఇది మనసు వేసుకున్న గొడుగు. ఇచ్చే శక్తి అయిపోయినప్పుడు, ఇంకా ఇవ్వాల్సి వస్తుందేమోనన్న భయంతో మనిషి ఎదుటివాళ్లకు దూరంగా జరుగుతాడు. కాసేపు ఆ గొడుగు పనిచేస్తుంది. కానీ పనిలో ఉన్న కొద్దిపాటి సంతోషం కూడా ఆ మనుషుల నుంచే వస్తుంది కదా, అది కూడా ఆగిపోతుంది.

మూడోది "నేను ఏమీ సాధించడం లేదు" అనే భావన. పదేళ్ల అనుభవం ఉన్న అకౌంటెంట్ మామూలు లెక్కను మూడుసార్లు సరిచూసుకుంటాడు. తనకు తెలిసిన పని మీద తనకే నమ్మకం పోతుంది. పని నిజంగానే నెమ్మదిస్తుంది, తప్పులు వస్తాయి, ఆ తప్పులు చూసి నమ్మకం ఇంకా తగ్గుతుంది.

మాస్లాక్ పద్ధతిలో ఈ మూడింటి మార్కులను కలిపి "మీకు ఇంత శాతం బర్న్‌అవుట్" అని చెప్పరు. మూడింటినీ వేరువేరుగా చూస్తారు. కారణం తర్వాతి భాగంలో ఉంది.

అలసట ఒక్కటే ఉంటే అది బర్న్‌అవుట్ కాదు

మాస్లాక్, ఆమెతో చాలా ఏళ్లు కలిసి పనిచేసిన మైఖేల్ లీటర్ 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. మూడు ముఖాల మార్కులు మనుషుల్లో ఏయే రకాలుగా కలిసి కనిపిస్తాయో అందులో చూశారు. మూడూ దెబ్బతిన్నవారు ఒక గుంపు, వారిదే అసలైన బర్న్‌అవుట్. మూడూ బాగున్నవారు ఇంకో గుంపు. వీరిద్దరి మధ్యలో ఒక్క ముఖమే దెబ్బతిన్నవారు కనిపించారు.

శక్తి ఒక్కటే తగ్గి, పని మీద ఇష్టం, నమ్మకం అలాగే ఉన్నవారికి సమస్య పని భారం. వాళ్లకు మనిషి సాయమో, సెలవో, గంటలు తగ్గించడమో కావాలి. మనసు ఒక్కటే విరిగినవారు అలసిపోలేదు కానీ ఆ సంస్థ మీద, అక్కడి పద్ధతుల మీద నమ్మకం పోయింది. వాళ్లకు వారం సెలవిస్తే ఉపయోగం లేదు. నమ్మకం ఒక్కటే తగ్గినవారికి చేసే పనిలో ఎదుగుదల కనబడటం లేదు. వాళ్లకు కొత్త పని నేర్చుకునే అవకాశం, చేసిన పనికి గుర్తింపు కావాలి.

మూడు రకాలవాళ్లూ ఇంటికొచ్చి "బర్న్‌అవుట్ అయ్యాను" అనే అంటారు. కానీ ముగ్గురికీ కావాల్సింది ఒకటి కాదు. అలసట గురించి మాత్రమే అడిగే ఫోన్ క్విజ్‌తో ఇది తేలదు.

మామూలు అలసటను ఎలా గుర్తుపట్టాలి?

రంజాన్ చివరి పది రోజులు బట్టల దుకాణంలో పనిచేసే కుర్రాడిని చూడండి. సహరీ దాకా షాపు తెరిచే ఉంటుంది. పగలు ఉపవాసం, రాత్రి నిలబడి వందల జతలు విప్పి చూపించడం. చాంద్ రాత్ వచ్చేసరికి గొంతు పోతుంది, కాళ్లు వాస్తాయి. అంతకంటే అలసట ఏముంటుంది? అయినా ఈద్ రోజు నమాజు చేసుకొచ్చి, కడుపు నిండా తిని, రెండు రోజులు పడుకుంటే మూడో రోజుకు మామూలు మనిషి అవుతాడు. "ఈసారి గిరాకీ భలే జరిగింది" అని తనే చెప్పుకుంటాడు.

మామూలు అలసటకు ఈ మూడు లక్షణాలు ఉంటాయి. కారణం కనబడుతుంది. ముగింపు తేదీ ఉంటుంది. విశ్రాంతి తీసుకుంటే పోతుంది. పని మీద కోపం ఉండొచ్చు కానీ విరక్తి ఉండదు.

బర్న్‌అవుట్‌లో విశ్రాంతి పని చేయదా అంటే, చేస్తుంది. కానీ నిలవదు. మీనా వెస్ట్‌మన్, డవ్ ఈడెన్ అనే పరిశోధకులు ఇజ్రాయెల్‌లో ఒక సంస్థ గుమాస్తాలను సెలవులకు ముందు, సెలవుల్లో, సెలవుల తర్వాత ప్రశ్నించి 1997లో ఫలితాలు ప్రచురించారు. సెలవుల్లో ఉన్నప్పుడు బర్న్‌అవుట్ బాగా తగ్గింది. పనిలో చేరిన మూడు రోజులకే కొంత తిరిగి వచ్చింది. మూడు వారాలకు మళ్లీ పాత స్థాయికే చేరింది. మనిషి మారి వచ్చాడు, పని మారలేదు, అంతే.

కాబట్టి ఇంట్లో చేసుకోగల మొదటి పరీక్ష ఇదే: మంచి సెలవు తర్వాత ఎన్నాళ్లు హాయిగా ఉన్నారు? ఆ హాయి నెలల తరబడి నిలిస్తే అది అలసటే. మూడు వారాల్లో ఆవిరైపోతే, అదీ ప్రతిసారీ అలాగే జరిగితే, చూడాల్సింది మీ నిద్రను కాదు, మీ పనిని.

ఒక ఉదాహరణ

విషయం తేలిగ్గా అర్థం కావడానికి ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు 31, బీకాం చదివాడు. జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు బ్యాంకు బ్రాంచ్‌లో లోన్ సెక్షన్. చేరి నాలుగేళ్లు.

మొదటి రెండేళ్లు బాగానే గడిచాయి. కాగితాలు సరిగా లేక తిరిగిపోయే చిన్న వ్యాపారులకు కూర్చోబెట్టి చెప్పేవాడు. మార్చి నెలాఖరులో రాత్రి పది దాకా పని ఉన్నా ఏప్రిల్ రెండో వారానికి తేరుకునేవాడు. మూడో ఏడు ఇద్దరు సిబ్బంది బదిలీ అయ్యారు, వారి స్థానంలో ఎవరూ రాలేదు. టార్గెట్ మాత్రం పెరిగింది. పైగా ప్రతి లోనుతో ఒక ఇన్సూరెన్స్ పాలసీ అంటగట్టాలని పైనుంచి ఒత్తిడి. ఆదివారం కూడా గ్రూపులో మెసేజీలు: "ఈ రోజు నంబర్ ఎంత?"

ముందు శక్తి తగ్గింది. ఆదివారం అసర్ వేళ నుంచే సోమవారం గుర్తొచ్చి కడుపులో తిప్పడం మొదలైంది. ఆరు నెలలకు రెండో మార్పు. కౌంటర్ దగ్గర ముసలాయన ఫారం ఎలా నింపాలని అడిగితే తల ఎత్తకుండా "బోర్డు మీద రాసుంది చూడండి" అన్నాడు. కస్టమర్ ఫోన్లు ఎత్తడం మానేశాడు. మరికొన్నాళ్లకు మూడోది. ఒక ఫైలులో వడ్డీ లెక్క తప్పు వేశాడు. మేనేజర్ అందరి ముందు అన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఫైలూ తెరిచి మూసి తెరిచి చూడటమే.

చెల్లెలి పెళ్లికి పది రోజులు సెలవు పెట్టాడు. పెళ్లింట్లో ఎలా ఉన్నాడు? హాలు మాట్లాడాడు, బిర్యానీ వంటవాళ్లతో బేరమాడాడు, వలీమా రోజు కజిన్లతో తెల్లవారే దాకా నవ్వాడు. రెండు ప్లేట్లు తిన్నాడు, పడుకుంటే గాఢ నిద్ర. డ్యూటీలో చేరిన మొదటి వారం బాగానే ఉంది. మూడో వారానికి మళ్లీ ఆదివారం సాయంత్రం అదే కడుపు నొప్పి.

ఇక్కడ మూడు ముఖాలూ ఉన్నాయి, మూడూ పని చుట్టూనే ఉన్నాయి, సెలవు పనిచేసి నిలవలేదు, పని బయట మనిషి మనిషిలాగే ఉన్నాడు. దీన్ని బర్న్‌అవుట్ అనడానికి గట్టి ఆధారాలు ఉన్నట్టే.

ఇప్పుడు కథలో ఒక్క భాగం మారుద్దాం. అదే పెళ్లి, అదే చెల్లెలు. కానీ అతను మూలన కుర్చీలో కూర్చున్నాడు. కజిన్లు పిలిస్తే వెళ్లాడు కానీ నవ్వు రాలేదు. ఇష్టమైన బిర్యానీ రెండు ముద్దలతో ఆపేశాడు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, మళ్లీ నిద్ర లేదు. విదాయీ వేళ అందరూ ఏడుస్తుంటే అతనికి ఏడుపు కూడా రాలేదు. "నేను లేకపోయినా ఈ ఇంటికి ఏమీ కాదు" అని భార్యతో అన్నాడు. బ్యాంకు అదే, టార్గెట్ అదే, కానీ ఇది బర్న్‌అవుట్ దాటిపోయింది. ఇక్కడ డిప్రెషన్ అనుమానించాలి, డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

డిప్రెషన్‌తో తేడా ఎక్కడ?

బర్న్‌అవుట్ ఒక చోట మొదలవుతుంది, అక్కడే ఎక్కువగా ఉంటుంది. డిప్రెషన్ అన్ని చోట్లకూ వెంట వస్తుంది. ఆఫీసులో ఉన్నంత బరువు పెళ్లింట్లోనూ, పిల్లల పక్కనా, ఈద్ రోజునా ఉంటుంది.

డాక్టర్లు డిప్రెషన్ నిర్ధారించేటప్పుడు కనీసం రెండు వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం మనసు కుంగిపోయి ఉందా, లేదా ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోయిందా అని ముందు చూస్తారు. వాటితో పాటు నిద్ర, ఆకలి, శక్తి, ఏకాగ్రత మారాయా, తనను తాను పనికిమాలినవాడిగా అనుకుంటున్నాడా, చావు ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతారు.

మాటలో కూడా తేడా వినిపిస్తుంది. బర్న్‌అవుట్ ఉన్నవాళ్లు ఎక్కువగా "ఈ ఉద్యోగం నన్ను తినేస్తోంది" అంటారు. కోపం బయటికి, బాస్ మీదికి, పద్ధతి మీదికి వెళుతుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లు ఎక్కువగా "నేనే పనికిరాను" అంటారు. నింద లోపలికి తిరుగుతుంది. పనిలో "నావల్ల కావడం లేదు" అనడం వేరు, తండ్రిగా, భర్తగా, కొడుకుగా కూడా "నేను భారం" అనడం వేరు.

అయితే ఈ గీత అంత స్పష్టంగా ఉండదని కూడా చెప్పాలి. రెంజో బియాంకీ, ఇర్విన్ షోన్‌ఫెల్డ్ వంటి పరిశోధకులు బర్న్‌అవుట్, డిప్రెషన్ లక్షణాలు చాలావరకు కలిసిపోతాయని, బర్న్‌అవుట్ అనేది డిప్రెషన్‌లో ఒక రూపమేనని వాదిస్తున్నారు. మాస్లాక్ వైపువారు రెండూ వేరని అంటారు. ఆ చర్చ ఇంకా ముగియలేదు. ముదిరిన బర్న్‌అవుట్‌లో డిప్రెషన్ లక్షణాలు కూడా కనిపించవచ్చు, రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు. అందుకే ఏది ఏమిటో ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం కష్టం. బర్న్‌అవుట్ అని అనుకునే ముందు డిప్రెషన్, ఆందోళన లాంటి సమస్యలు లేవని చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కూడా చెబుతోంది.

ఆసుపత్రుల్లో పీహెచ్‌క్యూ-9 అనే చిన్న ప్రశ్నావళి వాడతారు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టర్‌తో వివరంగా మాట్లాడాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం మార్కులు ఎంత తక్కువ వచ్చినా, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు సున్నా కాకపోతే ఆలస్యం చేయకూడదు.

ముందు ఒక రక్త పరీక్ష

విశ్రాంతి తీసుకున్నా పోని అలసటకు పనే కారణం కావాలని లేదు. రక్తహీనత, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, షుగర్, విటమిన్ బి12 లోపం కూడా మనిషిని ఇలాగే పీల్చేస్తాయి. ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్లు "నాకేం కాలేదు" అంటూ రక్తహీనతతోనే ఏళ్లు గడిపేస్తారు. రాత్రి గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టు అయ్యే మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా అలసటతోనే లేస్తాడు, అది నిద్రలో శ్వాస ఆగే సమస్య.

సీబీపీ, టీఎస్‌హెచ్, పరగడుపు షుగర్, బి12 పరీక్షలు ఫిజీషియన్ మామూలుగా రాసేవే. ఇవి సరిగా ఉంటే అప్పుడు పని వైపు చూడొచ్చు. ఒక గుర్తు: రక్తహీనత, థైరాయిడ్ అలసట సెలవు రోజున కూడా ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం, బరువు మారడం లాంటివి తోడుంటాయి. ఆదివారం మధ్యాహ్నం వరకు బాగుండి, సాయంత్రం నుంచి మొదలయ్యే అలసటకు థైరాయిడ్ కారణం కాకపోవచ్చు.

బర్న్‌అవుట్ అయితే ఏం మార్చాలి?

పనికీ మనిషికీ మధ్య ఎక్కడ పొసగడం లేదో చూడటానికి మాస్లాక్, లీటర్ ఆరు చోట్లు చెప్పారు: పని భారం, పని మీద మన చేతిలో ఉండే అధికారం, ప్రతిఫలం, తోటివారితో సంబంధం, న్యాయం, విలువలు. అన్నీ ఒకేసారి మార్చలేం. ఎక్కువ బాధపెడుతున్నది ఏదో పట్టుకోవాలి.

మన బ్యాంకు ఉదాహరణే తీసుకుందాం. జీతం సమస్య కాదు, తోటివాళ్లు మంచివాళ్లే. భారం ఉంది, ఇద్దరి పని అదనంగా పడింది. చేతిలో అధికారం లేదు, ఆదివారం కూడా తనది కాదు. అన్నిటికంటే లోపల గుచ్చేది విలువల దగ్గర: అవసరం లేని పాలసీని అప్పు కోసం వచ్చిన పేదవాడికి అంటగట్టడం. ఇలాంటి మనిషికి యోగా క్లాసు, కొత్త డైరీ, పొద్దున్నే నడక చెబితే నష్టం లేదు కానీ మూలం అలాగే ఉంటుంది.

అతను చేయగలిగింది ఇది. నెల రోజులు ఏ పనికి ఎన్ని గంటలు పోతున్నాయో రాసుకోవాలి. ఆ కాగితంతో మేనేజర్ దగ్గరకు వెళ్లి "నాకు ఒత్తిడిగా ఉంది సార్" అనే బదులు "ముగ్గురి ఫైళ్లు నా దగ్గర ఉన్నాయి, వీటిలో ఏవి ముందు, ఏవి ఆగొచ్చు చెప్పండి" అని అడగాలి. అమ్మకాల నుంచి ఫైళ్ల పరిశీలన వైపు మార్చమని రాతపూర్వకంగా కోరవచ్చు. అక్కడ పని తక్కువ కాకపోయినా పాలసీ అంటగట్టే బాధ ఉండదు. ఆదివారం మెసేజీల విషయం ఒక్కడు అడిగితే తిరుగుబాటులా ఉంటుంది, నలుగురు కలిసి అడిగితే పద్ధతి అవుతుంది.

ఇవేవీ సాధ్యం కాకపోతే ఉద్యోగం మారడం ఒక దారి. కానీ ఖాళీ అయిపోయిన స్థితిలో రాత్రికి రాత్రి రాజీనామా రాయడం మంచిది కాదు. ఇంటి కిస్తీలు, కనీసం కొన్ని నెలల ఖర్చు చూసుకుని కదలాలి. కొత్త చోట కూడా అదే టార్గెట్, అదే అమ్మకం అయితే కథ మొదటికొస్తుంది. ఏ చోట పొసగలేదో ముందు తెలుసుకోవడం అందుకే.

ఇంట్లోవాళ్లు ఏం గమనించాలి?

సౌదీ, దుబాయ్‌లో పనిచేసే కొడుకు ఫోన్‌లో "థక్ గయా అమ్మీ" అంటే అందులో ఏది ఉందో గొంతును బట్టి చెప్పలేం. "ఎలా ఉన్నావు" అని అడిగితే "బాగున్నా" అనే వస్తుంది. దాని బదులు చిన్న ప్రశ్నలు అడగండి. సెలవు రోజు ఏం చేశావు? రూమ్‌లో వాళ్లతో కలిసి వండుకున్నారా? రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది? సెలవు రోజు గురించి ఉత్సాహంగా చెప్పి, డ్యూటీ మాట రాగానే గొంతు మారితే ఒక దారి. సెలవు రోజంతా గోడ వైపు తిరిగి పడుకున్నానని, ఎవరితోనూ మాట్లాడాలని లేదని చెబితే ఇంకో దారి.

ఇంటి పనితో, పిల్లలతో అలసిపోయే తల్లుల మాటేమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఉద్యోగానికే పరిమితం. అయినా ఆ అలసట అబద్ధం కాదు. తల్లిదండ్రుల బర్న్‌అవుట్ అని బెల్జియంలో ఇసబెల్ రోస్కమ్, మోయిరా మికోలాజ్‌జాక్ వేరుగా పరిశోధన చేస్తున్నారు. ఆ తల్లికి కూడా పైన చెప్పిన రక్త పరీక్షలు, డిప్రెషన్ ప్రశ్నలు అంతే వర్తిస్తాయి.

ఎవరి దగ్గరకు వెళ్లాలి?

అలసట నెలకు మించి ఉంటే ముందు ఫిజీషియన్. పరీక్షలు సరిగా ఉండి, మూడు ముఖాలూ పని చుట్టూనే కనిపిస్తే సైకాలజిస్ట్ లేదా కౌన్సెలర్‌తో మాట్లాడటం ఉపయోగం. కుంగుబాటు రెండు వారాలకు మించి అన్ని చోట్లా వెంటాడుతుంటే సైకియాట్రిస్ట్. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో కూడా మానసిక విభాగం ఓపీ ఉంటుంది. పిచ్చి ముదిరినవాళ్లే అక్కడికి వెళతారనే భయంతో ఎందరో ఆలస్యం చేస్తున్నారు.

ఖర్చు గురించి ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బుల చికిత్సకూ బీమా ఇవ్వాలి. బర్న్‌అవుట్ జబ్బుల జాబితాలో లేదు కాబట్టి ఆ పేరుతో క్లెయిమ్ కుదరకపోవచ్చు. డిప్రెషన్ జబ్బే, దానికి ఈ చట్టం వర్తిస్తుంది. మీ పాలసీ కాగితంలో ఓపీ ఖర్చు ఇస్తారా, ఆసుపత్రిలో చేరితేనే ఇస్తారా చూసుకోండి.

చావు ఆలోచనలు ఉన్నా, "నేను లేకపోతేనే మంచిది" లాంటి మాట వినబడినా ఇది ఏ రకం అని తేల్చుకునే పని అక్కడితో ఆపేయాలి. ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలి మానస్ నంబర్ 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బాధపడే మనిషే కాదు, అతన్ని చూస్తూ ఏం చేయాలో తెలియని ఇంట్లోవాళ్లు కూడా ఈ నంబర్‌కు ఫోన్ చేయవచ్చు.